అమ్మీ శాలువా, మూడు కిలోవాట్లు

మొన్న జనవరిలో నేను చేసిన ఒక తప్పు గురించి ఇది. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఎందుకంటే నా రోజీ రోటీ బ్యాటరీల మీదే. షికాగో శివారులో ఒక టెస్టింగ్ ల్యాబులో, బీరువాలంత పెద్ద చల్లటి పెట్టెల్లో బ్యాటరీలు పెట్టి, వాటి నుంచి కరెంటు లాగి, ఎప్పుడు అలసిపోతాయో కాగితం మీద ఎక్కించడం నా పని. అలాంటివాణ్ణి, డెబ్బై దాటిన అమ్మీని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, హైవే మీద లెక్క తప్పాను.

మా ఆపా ఇండియానాపోలిస్‌లో ఉంటుంది. మనవడి అఖీఖాకు దావత్. మా ఇంటి నుంచి ఆమె ఇంటికి 290 కిలోమీటర్లు. ఇంటర్‌స్టేట్ 65 మీద తిన్నగా ఆగ్నేయంగా దిగిపోవడమే. మాది ఎలక్ట్రిక్ కారు. బ్యాటరీలో వాడుకోవడానికి 75 యూనిట్లు. మన ఇంటి కరెంటు బిల్లులో రాసే యూనిట్లే, వేరే ఏం కాదు. వాతావరణం బాగున్న రోజుల్లో, తొందర లేకుండా నడిపితే 600 కిలోమీటర్లు కూడా లాగిన బండి ఇది. ఆ ఇత్మినాన్‌తోనే బయల్దేరాం.

బయట మైనస్ 10. గ్యారేజీలో రాత్రంతా ఛార్జింగులో ఉన్న బండి వెచ్చగా, నిండుగా ఉంది. గంటకు 110 మీద పెట్టి పోనిచ్చాను. లఫాయెట్‌కి ముందు రోడ్డుకి రెండు పక్కలా గాలిమరలు వందల కొద్దీ వస్తాయి. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "అబ్బా, అన్నీ మనవైపే చూస్తున్నాయి" అంది చిన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆపా ఇంటి ముందు ఆగేసరికి బ్యాటరీ 27 శాతం చూపించింది. చలికాలంలో ఇంత బాగా వచ్చామే అని లోపల కాస్త గురూర్ కూడా కలిగింది.

ఆ రాత్రి దగ్గర్లో ఫాస్ట్ ఛార్జర్‌కి వెళ్లి 90 శాతం చేసుకుని వచ్చాను. ఆపా వాళ్ల గ్యారేజీ నిండా దావత్ సామాను, దేగ్చీలు. బండిని బయట మంచులో నిలబెట్టి, ప్లగ్గు కూడా పెట్టకుండా, బిర్యానీ తిని పడుకున్నాను.

పొద్దున చూస్తే 84. దాని పక్కన చిన్న నీలం మంచురేకు బొమ్మ.

"రాత్రి ఎవరైనా కరెంటు తాగారా?" అని మా బేగం నవ్వింది. అమ్మీ మాత్రం వెంటనే సమజయింది. "చలికి కొబ్బరినూనె సీసా గడ్డ కడుతుంది కదరా. బోర్లించినా రాదు. నూనె పోయిందా? ఉంది. రాదంతే. ఎండలో పెడితే మళ్లీ వస్తుంది."

నేను ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు పదిహేను స్లైడ్లు వేసి చెప్పేది అమ్మీ ఒక్క సీసాతో చెప్పేసింది. ఆ మాట దగ్గరే ఆగి, బ్యాటరీ వైపు నుంచి అసలు కథ ఏమిటో చెబుతాను. తర్వాత రోడ్డు మీదకి వస్తాను.

బ్యాటరీకి రోడ్డు తెలియదు. స్పీడు తెలియదు. లోపల ఎవరున్నారో, దావత్‌కి పోతున్నారో ఆసుపత్రికి పోతున్నారో తెలియదు. దానికి చేరే హుకుం ఒక్కటే: ఇప్పుడు ఇన్ని కిలోవాట్లు ఇవ్వు. మోటారు అడిగినా, హీటరు అడిగినా, ఒకే దర్వాజా దగ్గర అడుగుతారు. దాని ఖజానాలో 75 యూనిట్లు ఉంటే, 10 కిలోవాట్లు అడిగితే ఏడున్నర గంటలు ఇస్తుంది. 25 అడిగితే మూడు గంటలు. కిలోమీటర్ల హిసాబు మనది, బ్యాటరీది కాదు. అది గంటల్లో ఇస్తుంది, మనం కిలోమీటర్లలో కొలుచుకుంటాం. గొడవంతా ఇక్కడే.

మా బండినే తీసుకుందాం. వెచ్చటి రోజు, గాలి లేదు, గంటకు 80. చక్రాలు రోడ్డుకి ఒరుసుకునే బరువు కొంత, ముందున్న గాలిని చీల్చుకుపోయే బరువు కొంత, రెండూ కలిపి బ్యాటరీని అడిగేది 10 కిలోవాట్లు. ఏడున్నర గంటలు, గంటకు 80, అంటే 600 కిలోమీటర్లు. అదే 110 మీద పెడితే? చక్రాల ఒరిపిడి పెద్దగా మారదు. గాలి మారుతుంది. గాలి వెనక్కి నెట్టే బలం స్పీడుతో సమంగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. స్పీడు రెట్టింపు అయితే గాలి దెబ్బ నాలుగు రెట్లు. 80 నుంచి 110కి వెళ్లేసరికి ఆ బలం దాదాపు రెండింతలు అవుతుంది. పైగా ఆ బలాన్ని ప్రతి సెకనులో ఎక్కువ దూరం తోయాలి. అందుకని బ్యాటరీకి చేరే హుకుం 10 నుంచి 19 కిలోవాట్లకు ఎగబాకుతుంది. 75 యూనిట్లు నాలుగు గంటల్లో ఖర్చయిపోతాయి. గంటకు 110 చొప్పున 440 కిలోమీటర్లు కూడా రావు. గంట సఫర్‌లో మనం 30 కిలోమీటర్లు ముందుకి పోయినందుకు, మొత్తం మీద 160కి పైగా పోగొట్టుకున్నాం.

ఇక్కడ ఒక మాట ఇన్సాఫ్‌గా చెప్పాలి. వెచ్చటి రోజున ఈ నష్టంలో బ్యాటరీ తప్పు దాదాపు ఏమీ లేదు. ఏ బ్యాటరీకైనా లోపల కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. బయటికి పోయే కరెంటు ఆ రెసిస్టెన్స్‌ని దాటుకుని పోవాలి, దాటేటప్పుడు కొంత వేడిగా మారిపోతుంది. గంటకు 80 మీద వెచ్చటి బ్యాటరీ లోపల అలా పోయేది ఒక 65 వాట్లు. పాతకాలం బల్బు ఒకటి. కరెంటు రెట్టింపు అయితే ఈ వేడి నాలుగు రెట్లు అవుతుంది, నిజమే. అయినా 110 మీద కూడా అది నూటికి ఒకటి చుట్టే తిరుగుతుంది. కాబట్టి వేసవిలో హైవే మీద రేంజ్ పడిపోతే బ్యాటరీ చెడిందని షోరూముకి పరిగెత్తకండి. అడిగింది మీరు, ఇచ్చింది అది.

చలికాలంలో కథ మారుతుంది. అక్కడ అడిగేవాడూ ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేవాడి చెయ్యీ బిగుసుకుంటుంది.

బ్యాటరీ లోపల ఒక పక్క గ్రాఫైట్, ఇంకో పక్క లోహాల ఆక్సైడు, మధ్యలో లిథియం ఉప్పు కరిగించిన ఒక ద్రవం. బండి నడుస్తున్నంతసేపూ లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోంచి బయటపడి, ఆ ద్రవంలో ఈది, అవతలి గట్టు మీద చోటు వెతుక్కుంటాయి. అవి ఎంత తొందరగా దాటితే అంత కరెంటు. ఇవన్నీ వేడి మీద ఆధారపడిన పనులు. మైనస్ 10లో ఆ ద్రవం గడ్డ కట్టదు గానీ, చిక్కబడుతుంది. అంతకంటే పెద్ద తక్‌లీఫ్ గట్టు దగ్గర ఉంది. ద్రవంలో ఈదే ప్రతి అయాను చుట్టూ ద్రవం అణువులు చుట్టుకుని ఉంటాయి. పొరలోకి దూరాలంటే ఆ దుప్పటి విప్పాలి, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కప్పుకోవాలి. చలిలో అన్నిటికంటే మందగించేది ఈ విప్పడం, కప్పుకోవడమే. పెళ్లింటి గుమ్మం దగ్గర వందమంది చెప్పులు విప్పుకుంటూ నిలబడిపోయినట్టు. హాలు ఖాళీగానే ఉంటుంది, రద్దీ అంతా గుమ్మం దగ్గరే.

దీని ఫలితాన్ని మేము ల్యాబులో రెసిస్టెన్స్ అనే ఒక్క అంకెలో చూస్తాం. వెచ్చగా ఉన్నప్పుడు మా బండిలాంటి బ్యాటరీలో అది 0.08 ఓములు అనుకుంటే, మైనస్ 10లో రాత్రంతా నానిన బ్యాటరీలో మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. అంతకు ముందు ఒక బల్బు ఖర్చయిన చోట, ఇప్పుడు హైవే ఎక్కిన తొలి నిమిషాల్లో రెండు వేల వాట్ల పైచిలుకు వేడిగా పోతుంది. రెండు ఇస్త్రీ పెట్టెలు లోపల పెట్టుకుని తిరుగుతున్నట్టు. అదేం పూర్తిగా వృథా కాదు, ఆ వేడితోనే బ్యాటరీ తనను తాను నెమ్మదిగా వెచ్చబరుచుకుంటుంది, రెసిస్టెన్స్ కూడా దిగుతూ వస్తుంది. కానీ నాలుగున్నర క్వింటాళ్ల ముద్ద అది. గంట నడిపితే పది డిగ్రీలు ఎక్కుతుందేమో.

ఇప్పుడు ఆ 84 సంగతి. రెసిస్టెన్స్ పెరిగితే, కరెంటు లాగిన ప్రతిసారీ బ్యాటరీ వోల్టేజీ ఎక్కువగా కుంగుతుంది. ప్రతి బ్యాటరీకీ ఒక హద్దు ఉంటుంది, వోల్టేజీ దానికంటే కిందికి పోనివ్వకూడదు, పోతే సెల్లు పాడవుతుంది. చలిలో కుంగుడు ఎక్కువ కనుక ఆ హద్దు తొందరగా తగులుతుంది. లోపల ఇంకా యూనిట్లు ఉంటాయి, కానీ హద్దు తగిలేసింది, తీయడానికి లేదు. బండిలోని కంప్యూటరు ఈ సంగతి ముందే అంచనా వేసి, ఆ భాగాన్ని పక్కన పెట్టి, మిగిలినదే చూపిస్తుంది. నీలం మంచురేకు అర్థం అదే. 90లో 6 ఎవరూ తాగలేదు. దానికి తాళం పడింది. వెచ్చబడితే వాపస్ వస్తుంది. కొబ్బరినూనె సీసా.

ఇక రోడ్డు మీదకి వద్దాం. పొద్దున తొమ్మిదికి బయల్దేరాం. 84 శాతం అంటే 63 యూనిట్లు. వచ్చేటప్పుడు 290 కిలోమీటర్లకు 55 అయ్యాయి కదా, పోయేటప్పుడూ అంతే అవుతుంది, ఎనిమిది మిగులుతాయి అనుకున్నాను. మళ్లీ 110.

పదిహేను నిమిషాలకే తెర మీద, ఇల్లు చేరేసరికి ఇంత ఉంటుంది అని చూపించే అంకె దిగడం మొదలుపెట్టింది. 9, 5, 2. ఆ తర్వాత ఎరుపు రంగు. నా చేతులు చల్లబడ్డాయి. 2024 జనవరి మధ్యలో షికాగో గడ్డకట్టిన రోజులు గుర్తొచ్చాయి. ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర గంటలకొద్దీ వరసలు, మధ్యలోనే ఆగిపోయి ట్రక్కుల మీద ఎక్కించుకుపోయిన బండ్లు, టీవీలో అవే వార్తలు. ఇప్పుడు వెనక సీట్లో అమ్మీ ఉంది. ఆమెకు చలి గాలి తగిలితే ఆయాసం.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. హీటరు కట్టేశాను.

పిల్లలు జాకెట్లు బిగించుకున్నారు. అమ్మీ ఏమీ అనలేదు, శాలువాని తల మీదుగా లాక్కుని, చేతులు చంకల్లో పెట్టుకుంది. అద్దంలో చూస్తూనే ఉన్నాను. పది నిమిషాలకు దగ్గు మొదలైంది. "అమ్మీ, కొంచెం సబర్ చెయ్యి, చార్జింగ్ కాపాడుకోవాలి" అన్నాను. "నాకేం ఫరక్ లేదు బేటా, నువ్వు రోడ్డు చూడు" అంది. ఆ మాటకి మా బేగం నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

"ఏమండీ, హీటరు ఎంత తింటుంది?" అని అడిగింది.

"మూడు కిలోవాట్లు."

"మొత్తం ఎంత పోతోంది?"

తెర చూశాను. 27 చుట్టూ ఆడుతోంది. హీటరుతో అయితే 30. నాకు నోట మాట రాలేదు. ల్యాబులో ఎవరైనా కుర్రాడు ముప్ఫైలో మూడు మిగిల్చి మిగతా ఇరవై ఏడు ఎక్కడ పోతోందో చూడకపోతే నేనే తిడతాను.

ఎక్కడ పోతోంది? వచ్చేటప్పుడు ఇదే రోడ్డు, ఇదే చలి, ఇదే స్పీడు. అప్పుడు అడిగింది 20 కిలోవాట్లు, ఇప్పుడు 30. బయట పొలంలో ఒక జెండా మా ముఖం మీదకే కొట్టుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది చిన్నదాని మాట. గాలిమరలు అన్నీ మనవైపే చూస్తున్నాయి. గాలిమర ఎప్పుడూ గాలి వచ్చే దిక్కుకే ముఖం పెడుతుంది. అవి మావైపు చూస్తున్నాయంటే గాలి మా వీపు వెనక నుంచి వస్తోందని అర్థం. వాయవ్యం నుంచి గంటకు 20 కిలోమీటర్ల గాలి. పోయేటప్పుడు మమ్మల్ని నెట్టింది. నేను దాన్ని నా బండి తాకత్ అనుకున్నాను. ఇప్పుడు అదే గాలి ఎదురుగా ఉంది.

గాలికి మన స్పీడోమీటరుతో పని లేదు. పోయేటప్పుడు మేము 110లో ఉన్నా, వెనక గాలి వల్ల బండికి తగిలింది 90 గాలే. ఇప్పుడు 110లో ఉంటే తగిలేది 130. పైగా చల్లటి గాలి బరువెక్కువ, మైనస్ 10 దగ్గర 25 డిగ్రీల గాలికంటే నూటికి 13 పాళ్లు చిక్కన. చల్లబడిన టైర్లు కూడా గట్టిపడి ఎక్కువ ఒరుసుకుంటాయి. ఇవన్నీ కలిసి హుకుంగా మారి, ఆ బిగుసుకుపోయిన బ్యాటరీ గుమ్మం దగ్గర నిలబడ్డాయి. నేనేమో మూడు కిలోవాట్ల కోసం అమ్మీ వెచ్చదనం లాక్కున్నాను.

హీటరు మళ్లీ వేశాను. స్పీడు 90కి దించి, కుడి పక్క లైనులో లారీల వెనకాల చేరాను, కావలసినంత దూరం వదిలి. తెర మీద 30 కాస్తా 21 అయింది.

ఇక్కడ మళ్లీ ఇన్సాఫ్‌గా లెక్కేయాలి. 9 కిలోవాట్లు తగ్గాయి కాబట్టి హీటరు కంటే మూడింతలు మిగిలింది అనుకుంటే మోసపోతాం. నెమ్మదిగా పోతే ఎక్కువసేపు పోవాలి, హీటరు కూడా ఎక్కువసేపు కాలుతుంది. అందుకని 100 కిలోమీటర్లకు ఎంత అని చూడాలి. హీటరుతో 110 మీద 27 యూనిట్లు. హీటరు ఆపి 110 మీద పోతే 24 పైన. హీటరు ఉంచి 90 మీద పోతే 23. అంటే అమ్మీని వణికించి మిగిల్చినదానికంటే, ఆమెను వెచ్చగా కూర్చోబెట్టి నెమ్మదిగా పోయినా ఎక్కువే మిగులుతుంది. ఈ మూడు అంకెలూ నాకు ఇంట్లోనే తెలిసి ఉండాల్సింది.

అందరూ అడిగే సవాల్ ఒకటి ఉంది. పెట్రోలు బండికి హీటరు వేస్తే మైలేజీ ఎందుకు పడదు? పెట్రోలు ఇంజను తాగిన దాంట్లో ఎక్కువ భాగం వేడిగానే పారేస్తుంది. ఆ పారేసే వేడిని లోపలికి మళ్లిస్తే చాలు, ముఫ్త్. ఎలక్ట్రిక్ మోటారు పొదుపరి, పారేసేది చాలా తక్కువ. కాబట్టి వెచ్చదనాన్ని కూడా ఖజానాలోంచే కొనాలి. హీట్ పంపు ఉన్న బండ్లలో ఆ ఖర్చు తగ్గుతుంది, కానీ చలి ముదిరేకొద్దీ దాని లాభమూ తగ్గుతుంది. అన్నిటికంటే చవకైనది సీటు కింద హీటరు. ఒక్కో సీటుకి ఓ 75 వాట్లు, నలుగురికీ కలిపి 300. ముందే అమ్మీ సీటు వెచ్చబెట్టి, లోపలి గాలి రెండు డిగ్రీలు తగ్గించి ఉంటే సరిపోయేది. బయల్దేరాక ఆ పని చేశాను. దగ్గు ఆగింది.

అయినా ఇల్లు చేరడానికి చాలదు. లఫాయెట్‌లో ఆగాం. అప్పటికి వంద కిలోమీటర్లకే 84లో 36 పోయి 48 మిగిలింది. ఛార్జరు మీద 150 అని రాసి ఉంది. ప్లగ్గు పెడితే 33 కిలోవాట్లే ఎక్కుతోంది. పక్క బండిలో ఒకాయన అద్దం దించి ఈ మిషను బాగాలేదని చెప్పాడు. మిషను బాగానే ఉంది. తీసుకునే బ్యాటరీయే వద్దంటోంది.

ఛార్జింగులో అయాన్లు తిరుగు ప్రయాణం చేస్తాయి, గ్రాఫైట్ పొరల్లోకి దూరాలి. చలిలో దూరడం ఆలస్యం. మనం బలవంతంగా తోస్తే, లోపలికి పోలేనివి గుమ్మం బయటే లోహంగా పేరుకుపోతాయి. అలా పేరుకున్న లిథియంలో చాలా భాగం మళ్లీ పనికి రాదు, ఆ మేరకు బ్యాటరీ ఉమర్ తగ్గినట్టే. మరీ పెరిగితే ముళ్లలా సాగి అవతలి గట్టుకు తగిలి షార్టయ్యే ఖత్రా కూడా ఉంది. చలిలో ఖర్చు పెట్టడం కంటే నింపడం ప్రమాదం. అందుకే కంప్యూటరు చేయి అడ్డం పెడుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాల నుంచి వాపస్ వచ్చే కరెంటునీ అందుకే ఆపేస్తుంది. ఆ పొద్దున యాక్సిలరేటరు వదిలినా బండి ఎప్పటిలా ఆగకుండా జారిపోవడం నేను గమనించాను, కారణం అదే.

దీనికి ఇలాజ్ తేలికే. దారిలోనే ఛార్జరుని మ్యాపులో మంజిల్‌గా పెట్టుకుంటే, బండి ముందు నుంచే బ్యాటరీని వెచ్చబెట్టడం మొదలుపెడుతుంది. నేను పెట్టింది ఇంటి అడ్రసు. కాబట్టి అక్కడ నిలబడి అరగంట ఇంతెజార్. 20 యూనిట్లు ఎక్కాయి. ఆ అరగంటా ప్లగ్గులోంచే హీటరు వేసుకుని, ఆపా కట్టిచ్చిన ఖుబానీ కా మీఠా డబ్బా తెరిచాం.

మిగిలిన 190 కిలోమీటర్లు 90 మీద. 110 మీద పోతే మిగిలేది 23 నిమిషాలు. కానీ అందులో సగం ఇంకో ఏడు యూనిట్లు ఎక్కించుకోవడానికి అక్కడే పోయేది. గాలిమరలు మళ్లీ వచ్చాయి, ఈసారి వీపులు చూపిస్తూ. అమ్మీ నిద్రపోయింది. చేరేసరికి 16 శాతం ఉంటుందని తెర చెప్పింది, ఇంటి ముందు ఆగితే 18 ఉంది. మంచురేకు ఎప్పుడో మాయమైంది. తాళం పడ్డ సొమ్ములో కొంత వాపస్ వచ్చింది.

ఆ వారమే గుంటూరు నుంచి మా తమ్ముడి ఫోను. కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. "భాయ్, కాగితం మీద 450 అన్నారు. హైదరాబాదు నుంచి విజయవాడ హైవే మీద వస్తే 300 కూడా రావడం లేదు. ధోకా కదా?" అన్నాడు. వాడి హైవే నంబరు కూడా 65 కావడం నాకు నవ్వు తెప్పించింది.

మన దేశంలో కాగితం మీద రాసే అంకెకు చేసే పరీక్షలో స్పీడు 90 దాటదు, ఎక్కువభాగం ఊళ్లో నడిపినట్టు నెమ్మదిగానే ఉంటుంది, ఏసీ వేయరు. వాడేమో 105 మీద, ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని వచ్చాడు. "ఛోటే, వచ్చే ఆదివారం ఇదే దారి 80 మీద పోయి చూడు. అంకె పెరిగితే బ్యాటరీ బాగున్నట్టే, తింటున్నది గాలి. 80 మీద కూడా పెరగకపోతే అప్పుడు షోరూముకి పో" అన్నాను. మన దగ్గర పదిహేను డిగ్రీల పొద్దుకి తాళాలేమీ పడవు, ఆ ఫికర్ వదిలెయ్యమన్నాను.

వాడు ఆదివారం రాత్రి మెసేజీ పెట్టాడు: 390 లెక్క వస్తోందట. కానీ లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోయాయని బాధపడ్డాడు.

ఇప్పుడు చలికాలంలో బయల్దేరే ముందు మా ఇంట్లో మూడు పనులు జరుగుతాయి. రాత్రి ప్లగ్గు తీయం. బయల్దేరడానికి ముప్పావుగంట ముందు, ప్లగ్గులో ఉండగానే బండిని వెచ్చబెడతాం, అప్పుడు ఆ ఖర్చు ఇంటి మీటరుది, ఖజానాది కాదు. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో చూస్తాం, ఎదురుగాలి అయితే మొదటి నుంచే 90.

నాలుగోది అమ్మీ పెట్టిన నియమం. బండి ఎక్కగానే శాలువా మడిచి పక్కన పెట్టి, "ఈసారి హీటరుకి సరిపడా తెచ్చావా బేటా?" అని అడుగుతుంది. తెచ్చానమ్మీ అంటాను. అప్పటిదాకా సీటు బెల్టు పెట్టుకోదు.